మా మేనల్లుడిది జబ్బు కాదు, మిల్లులో జరిగిన ప్రమాదం
(ఒక జనపనార మిల్లు జనరల్ మేనేజరు గారికి బహిరంగ లేఖ)

నెల్లిమర్ల

అయ్యా,

మీ మిల్లులో కార్డింగు ఖాతాలో పనిచేసే ఒక బదిలీ కార్మికుడికి నేను మేనమామను. కుడిచేతి చూపుడు వేలు మొదలంటా పోయి వాడు విశాఖలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమచేత్తో రాయలేడు కాబట్టి వాడి బదులు నేను రాస్తున్నాను. పేర్లు పెట్టడం లేదు. మిల్లు మా నెల్లిమర్లది కాదని మాత్రం చదివేవాళ్లకు చెప్పాలి. మీకైతే టైమాఫీసులో అడిగితే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

ఆ రోజు బి షిఫ్టు. బ్రేకరు కార్డుకి నార పెడుతుంటే ఒక పేట రోలరుకి చుట్టుకుంది. మిషను ఆపి, కోసి తీయాలన్నది మీ రూలు. ఆపితే ఆ షిఫ్టు లెక్క తగ్గుతుంది. "మావా, మిషను ఆపితే సర్దారు కేకలేత్తాడు" అన్నాడు వాడు నాతో. తిరుగుతున్న రోలరు మీంచే నార లాగబోయాడు, నారతో పాటు చెయ్యి కూడా లోపలికి పోయింది. పక్కన పనిచేసే ఇద్దరు పరుగెత్తి వచ్చి మిషను ఆపారు. అక్కడ రోలరుకి కాపు లేదు. ఎప్పుడో శుభ్రం చేయడానికని విప్పి, మళ్లీ బిగించలేదట.

వాడిని ఆసుపత్రికి చేర్చింది మీవాళ్లే, అందుకు కృతజ్ఞతలు. ఆ తర్వాత జరిగినదాని గురించే ఈ ఉత్తరం. ప్రమాదాల పుస్తకంలో వాడి పేరు ఎక్కలేదు. హాజరు పట్టీలో 'సిక్కు' అని రాశారు. మీ లేబరు ఆఫీసరు ఒక తెల్లకాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నారు, మా చెల్లెలు వెయ్యనివ్వలేదు.

సిక్కు అని రాసినా, ప్రమాదం అని రాసినా ఈఎస్ఐ డబ్బు వస్తుంది కదా అని మీ టైమాఫీసు గుమస్తా అన్నారు. రోజు కూలి 500 రూపాయలు అనుకుని లెక్క చూడండి. జబ్బు కింద వచ్చేది 70 శాతం, అంటే 350 రూపాయలు, అదీ ఏడాదికి 91 రోజులే. పైగా దానికి ముందుగా కొన్ని రోజుల చందా కట్టి ఉండాలి, నెలలో సగం రోజులు కూడా పని దొరకని బదిలీవాళ్లలో చాలామందికి ఆ లెక్క నిండదు. పనిలో తగిలిన దెబ్బ అయితే 90 శాతం, అంటే 450 రూపాయలు. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఇస్తారు, డాక్టరు పనికి పంపేదాకా ఇస్తారు.

అసలు తేడా ఆ తర్వాత తెలుస్తుంది. పోయిన వేలు తిరిగి రాదు. చూపుడు వేలు మొత్తం పోతే సంపాదనశక్తిలో 14 శాతం పోయినట్టు చట్టం పట్టికలోనే ఉంది. మెడికల్ బోర్డు ఆ మేరకు తేలిస్తే 450లో 14 శాతం, రోజుకు 63 రూపాయలు, బతికున్నన్నాళ్లూ వస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ వాడికి ఇరవై ఆరేళ్లు. సిక్కు అని రాస్తే ఆ 63 రూపాయలకు దారే మూసుకుపోతుంది.

ఆ తెల్లకాగితం మీద 'నా అజాగ్రత్త వల్ల' అని రాసుకుందామని మీవాళ్ల ఆలోచన కావచ్చు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. రూలు తప్పి చేసినా, ఆ పని యజమాని పని కోసమే చేసినదైతే పనిలో తగిలిన దెబ్బగానే లెక్క. చట్టంలోనే ఆ మాట ఉంది. వాడు లాగింది మీ నారే కదా. వాడు కాంట్రాక్టరు మనిషి అని మీరన్నా ఆ మాట నిలవదు, చందా జమ చేసే బాధ్యత ముందుగా మిల్లు యజమానిదే.

వేలు పోయేంత ప్రమాదం జరిగితే వెంటనే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు రిపోర్టు పంపాలి. ఆ సమయం దాటిపోయింది. ఆలస్యమైనా పంపండి. షిఫ్టు, మిషను, టైము, చూసిన ఇద్దరి పేర్లు అందులో ఉండాలి. హాజరు పట్టీలో సిక్కు కొట్టేసి ప్రమాదం అని దిద్దించండి. ఈ డబ్బు మిల్లు జేబులోంచి పోయేది కాదు, వాడి జీతంలోంచీ మీ వాటాలోంచీ చందా కట్టినందుకు ఈఎస్ఐ ఇచ్చేది. రిపోర్టు పంపితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ రోలరు కాపు గురించి అడుగుతాడన్నదే మీ భయమైతే, ముందు కాపు బిగించండి. ఇప్పుడు ఆ మిషను మీద ఇంకో బదిలీ కుర్రాడు ఉన్నాడు.

ఇంకొక్కటి. వాడు ఈఎస్ఐ భత్యం మీద ఉన్నన్నాళ్లూ బదిలీ జాబితాలోంచి పేరు తీసేయకూడదు. తీసేస్తారని ఖాతాలో ఇప్పటికే అనుకుంటున్నారట. పనికి దిగాక కార్డింగు కాకుండా సంచుల లెక్కింపో, గేటు దగ్గర తూకమో ఇప్పించండి.

ఈ ఉత్తరం నకలు ఆసుపత్రి కాగితాలతో కలిపి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో మేమే ఇస్తున్నాం. మీ రిపోర్టు వస్తే వాళ్ల పని సులువవుతుంది. రాకపోతే సాక్షుల మాట అడుగుతారు. చూసిన ఇద్దరూ చెప్పడానికి ఒప్పుకున్నారు. వాళ్లను ఇంకో ఖాతాకి మార్చవద్దని కూడా ఇక్కడే కోరుతున్నాను.

ఇట్లు,
మీ కార్మికుడి మేనమామ