పెళ్లి సహాయ నిధి, ‘డిజిటల్ బంగారం’: మా అభ్యంతరం ఇదీ



పోయిన సమావేశంలో మాకు మాట్లాడే సమయం దొరకలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నాం. ఆ తర్వాత జీవితమంతా రైల్వేలో గుమాస్తా పని. భాషలో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పుంటే మాత్రం తప్పకుండా చెప్పండి.

విషయం మీకు తెలిసిందే. మన ఆడపిల్లల పెళ్లి సహాయ నిధి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. అందులో నాలుగో వంతు తీసి బిట్‌కాయిన్‌లో పెడదామని మన కుర్రాళ్లు ప్రతిపాదించారు. వాళ్ల వాదన ఒక్క మాటలో: “బాబాయ్, ఇది డిజిటల్ బంగారం. మీరు సరాఫా బజారులో కొన్నదే మేము ఫోన్లో కొంటున్నాం.”

పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల మాటలో నిజం ఉంది. బిట్‌కాయిన్లు మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు. సుమారు నాలుగేళ్లకోసారి కొత్తవి పుట్టే వేగం సగానికి తగ్గుతుంది, చివరిసారి 2024 ఏప్రిల్‌లో తగ్గింది. నోట్లు అచ్చేసినట్టు ఏ ప్రభుత్వమూ దాన్ని అచ్చేయలేదు. అమెరికా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్న జెరోమ్ పావెల్ కూడా 2024 డిసెంబరులో దాన్ని బంగారంతోనే పోల్చారు. ఇదంతా ఒప్పుకుంటాం. కానీ అరుదుగా ఉన్నంత మాత్రాన బంగారమైపోదు. బంగారం మన ఇళ్లలో చేసే పని ఏమిటి? మిగతావన్నీ పడిపోయినప్పుడు అది నిలబడడం. ఆ పరీక్ష బిట్‌కాయిన్‌కు ఒక్కసారి గట్టిగా ఎదురైంది. ఆ ఏడాదినే చూద్దాం.

2022. ధరల మంట ప్రపంచమంతా అంటుకున్న ఏడాది. జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. డబ్బు విలువ కరిగితే కాపాడేది డిజిటల్ బంగారం అని అప్పటిదాకా చెప్పారు కదా, అది కాపాడాల్సిన ఏడాది ఇదే. ఏం జరిగింది? జనవరిలో వంద డాలర్లు బంగారంలో పెట్టినవాడి దగ్గర డిసెంబరు చివర ఇంచుమించు వంద డాలర్లే ఉన్నాయి. టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్‌లో పెట్టినవాడికి సుమారు 67 మిగిలాయి. బిట్‌కాయిన్‌లో పెట్టినవాడికి మిగిలింది సుమారు 36. మన రూపాయల్లో చూస్తే ఇంకా స్పష్టం. ఆ ఏడాది డాలరు బలపడినందువల్ల మన దగ్గర పది గ్రాముల బంగారం సుమారు 48 వేల నుంచి 55 వేలకు పెరిగింది. బిట్‌కాయిన్‌లో పెట్టిన లక్ష మాత్రం సుమారు 40 వేలైంది.

గమనించండి, అది పడిందని కాదు మా బాధ. ఎవరితో కలిసి పడింది అన్నది ప్రశ్న. బంగారం పక్కన నిలబడలేదు, టెక్ షేర్ల వెంట దొర్లింది, వాటికంటే రెట్టింపు లోతుకు. ఇది ఆ ఒక్క ఏడాది ముచ్చటా? అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ 2022 జనవరిలో ఒక లెక్క బయటపెట్టింది. రెండు ధరలు కలిసి కదలడాన్ని ఒక అంకెతో కొలుస్తారు. సున్నా అంటే దేని దారి దానిదే, ఒకటి అంటే కప్లింగ్ వేసిన రెండు బోగీలు. బిట్‌కాయిన్‌కూ అమెరికా పెద్ద కంపెనీల షేర్లకూ మధ్య 2017-19లో అది 0.01. 2020-21లో 0.36. పూర్తి కప్లింగ్ కాదు, నిజమే. కానీ తాడు పడింది.

ఎందుకు పడిందో చెప్తాం. ధర పడినప్పుడు ముందుకొచ్చి కొనేవాడెవడు అన్నదే అసలు కిటుకు. బంగారం ధర తగ్గితే మన నాందేడ్ సరాఫాలోనే చూడండి, ఎదిగిన కూతురున్న తల్లి ఆ వారమే దుకాణం మెట్లెక్కుతుంది. అటు కేంద్ర బ్యాంకులు 2022లోనే వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. వీళ్లకు షేర్ మార్కెట్‌తో పని లేదు. బిట్‌కాయిన్‌ను కొనేవాళ్లు ఎక్కువగా టెక్ షేర్లు కొనేవాళ్లే, చాలామంది అప్పు తెచ్చి కొంటారు. వడ్డీ రేటు పెరిగినా, షేర్లలో దెబ్బ తగిలినా, అప్పు తీర్చడానికి చేతికి దొరికింది అమ్ముతారు. రాత్రీ పగలూ, ఆదివారం కూడా తెరిచి ఉండే బజారు బిట్‌కాయిన్‌దే, కాబట్టి ముందు దాన్నే అమ్ముతారు. 2020 మార్చి 12న కరోనా భయంతో అది ఒక్క రోజులో దాదాపు 40 శాతం పడింది. ఆ నెలలో బంగారమూ తగ్గింది, దాచం. కానీ ఆ లోతుకు వెళ్లలేదు.

“బంగారం మాత్రం పడలేదా?” అని అడుగుతారు. పడింది. 2011లో ఔన్సు 1,900 డాలర్లు దాటి, 2015 చివరికి 1,050 దగ్గరికి వచ్చింది. 45 శాతం పతనానికి నాలుగేళ్లు పట్టింది. పైగా నగలైతే తరుగు, ఇక్కడివాళ్లు ఘడణావళ్ అనే మజూరీ, రెండూ పోతాయి. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గర నుంచి ఏడాదిలో 16 వేల కిందికి దిగింది. అంటే వందకు 23. ఆ 23 మళ్లీ వంద కావాలంటే నాలుగు రెట్లకు పైగా పెరగాలి. పెరిగింది కూడా, 2024 మార్చిలో పాత ధర దాటింది. ఓపిక పట్టినవాడు గెలిచాడు. కానీ ముహూర్తం రెండేళ్ల నాలుగు నెలలు ఓపిక పడుతుందా? 2022 నవంబరులో పెళ్లి పెట్టుకున్న పిల్ల తండ్రికి మనం ఏం చెప్పేవాళ్లం?

ఇంకొకటి. మన సంఘంలో సగం ఇళ్ల పిల్లలు పుణే, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నారు. టెక్ రంగం దెబ్బతింటే వాళ్ల జీతాలకే ముప్పు, సంఘానికి చందాలు తగ్గుతాయి, సహాయం అడిగేవాళ్లు పెరుగుతారు. సరిగ్గా ఆ నెలలోనే నిధి కూడా కరిగిపోవాలా?

2025లో బంగారం డాలర్లలో సగానికి పైగా పెరిగింది. బిట్‌కాయిన్ మొదలైన చోటికి కాస్త కిందే ఏడాది ముగించింది. అసలూ నకలూ ఒకటే అయితే ఇంత తేడా రాకూడదు.

మీ సొంత డబ్బు మీ ఇష్టం, పోయినా తట్టుకోగలిగినంత పెట్టుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, ఒక క్రిప్టోలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తీసేసుకునే వీలు లేదు. నిధితో బంగారం కొనమని కూడా మేము అనడం లేదు. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 35వ సెక్షన్ ట్రస్టు డబ్బును బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ సెక్యూరిటీల వంటివాటిలోనే పెట్టమంటుంది. మరోచోట పెట్టాలంటే ఛారిటీ కమిషనర్ అనుమతి కావాలి.

నమ్మకం లేకపోతే మూడు గళ్ల కాగితం తీసుకోండి. ప్రతి శుక్రవారం బంగారం, నాస్‌డాక్, బిట్‌కాయిన్ ధరలు రాయండి. ఆరు నెలల తర్వాత బిట్‌కాయిన్ ఎవరి పక్కన నడిచిందో లెక్కపెట్టండి. ఆ కాగితం పట్టుకుని రండి, మళ్లీ మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఈ ప్రతిపాదనకు మా ఓటు వ్యతిరేకం.