‘ఇంట్రెస్ట్’ అంటే సూదా, దిల్‌చస్పీయా, హక్కా?

ఇంట్రెస్ట్ అనే ఇంగ్లీషు లఫ్జు వినగానే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది సూద్, అంటే వడ్డీ. పిల్లవాడికి చదువు మీద ఇంట్రెస్ట్ ఉందంటే అది దిల్‌చస్పీ. వ్యాపారంలో ఇద్దరి ఇంట్రెస్ట్‌లు కలవడం లేదంటే మఫాద్, ప్రయోజనం. పొలంలో ఫలానా వాడికి ఇంట్రెస్ట్ ఉందని దస్తావేజులో రాస్తే అది హక్కు. లఫ్జు ఒకటే, మతలబులు నాలుగు. ఫోన్‌లో తర్జుమా చేసే యంత్రాన్ని నమ్మాలా, లుగత్ తీయాలా అన్న సవాల్ ఇలాంటి లఫ్జు దగ్గరే వస్తుంది. నా రాయ్ ముందే చెబుతాను. కాగితంలో ఏముందో మోటుగా తెలుసుకోవడానికి యంత్రం చాలు. ఆ కాగితంలో మన హక్కు ఏ లఫ్జు మీద నిలబడిందో, ఆ లఫ్జుకి మాత్రం లుగత్ తీయాల్సిందే.

మనకు బాగా పనికొచ్చే మిసాల్ చూద్దాం. 1995లో పార్లమెంటు చేసిన వక్ఫ్ చట్టంలో 70వ సెక్షన్ ఉంది. వక్ఫ్ నిర్వహణ మీద విచారణ జరపమని ‘పర్సన్ ఇంట్రెస్టెడ్ ఇన్ ఎ వక్ఫ్’ బోర్డుకి అఫిడవిట్‌తో అర్జీ పెట్టుకోవచ్చని అది చెబుతుంది. మాచర్లలోనో గురజాలలోనో ఖబ్రస్తాన్ జమీన్ లెక్కలు అడగాలనుకున్న మనిషికి ఇది అసలు తాళంచెవి. యంత్రానికిస్తే ఇది ‘వక్ఫ్‌పై ఆసక్తి ఉన్న వ్యక్తి’గా వచ్చే అవకాశం ఎక్కువ. చదివిన మనిషి ఏమనుకుంటాడు? షౌక్ ఉన్న ఎవరైనా అర్జీ పెట్టొచ్చనుకుంటాడు. లేదా ఇది కమిటీ పెద్దల వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకుంటాడు. రెండూ గలతే.

యంత్రం అలా ఎందుకు చేస్తుంది? అది మతలబు తెలిసి ఎంచుకోదు. తాను నేర్చుకున్న వాక్యాల్లో ఈ లఫ్జు పక్కన ఏ లఫ్జులున్నప్పుడు ఏ తెలుగు మాట వచ్చిందో చూసి అంచనా వేస్తుంది. అందుకే బ్యాంకు కాగితంలో ‘రేట్’, ‘శాతం’ పక్కనుంటే వడ్డీ అని సహీగా చెబుతుంది. ‘పర్సన్ ఇంట్రెస్టెడ్’ అన్నచోట మామూలు మాటల్లో ఎక్కువగా కనిపించేది ఆసక్తే కనుక అటే జారుతుంది.

చాలామంది ఒక ఉపాయం చేస్తారు. వచ్చిన తెలుగుని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి సరిచూస్తారు. ఇక్కడ ఆ ఉపాయం ధోఖా ఇస్తుంది. ‘ఆసక్తి ఉన్న వ్యక్తి’ని తిప్పితే మళ్లీ ‘ఇంట్రెస్టెడ్ పర్సన్’ అనే వస్తుంది. తప్పు తప్పుగానే ఉంటుంది, పైకి మాత్రం సహీగా కనిపిస్తుంది.

మన దగ్గర ఇంకో మంచి పరీక్ష ఉంది, రెండు జబాన్లు తెలియడం. అదే వాక్యాన్ని తెలుగులోకీ ఉర్దూలోకీ వేర్వేరుగా తర్జుమా చేయించండి. తెలుగులో ఆసక్తి అని, ఉర్దూలో మఫాద్ అని వస్తే యంత్రం తడబడుతోందని అర్థం. అయితే రెండుచోట్లా ఆసక్తి, దిల్‌చస్పీ అని వచ్చినంత మాత్రాన అది సహీ అని కాదు. ఒకే తప్పు రెండు జబాన్లలోనూ దొర్లవచ్చు.

అప్పుడు లుగత్ తీయాలి. లుగత్ మన తరఫున ఫైసలా చేయదు. వడ్డీ, ఆసక్తి, ప్రయోజనం, హక్కు, వాటా అని అన్నీ వరసగా ముందు పెడుతుంది. దాని ఫాయిదా అదే. యంత్రం ఒక్క మాట చూపించి మిగతావి దాచేస్తే, లుగత్ ఇంకో దారి కూడా ఉందని గుర్తు చేస్తుంది. ఒక్కో మతలబుని వాక్యంలో పెట్టి చూడండి. ‘వక్ఫ్‌లో వడ్డీ ఉన్న వ్యక్తి’ అంటే పొసగదు. ‘ప్రయోజనం ఉన్న వ్యక్తి’, ‘హక్కు ఉన్న వ్యక్తి’ అంటే పొసుగుతుంది.

ఇక్కడితో ఆగకూడదు. చట్టం తన లఫ్జులకు తానే మతలబు చెప్పుకుంటుంది, అది సాధారణంగా మొదట్లోనే ఉంటుంది. వక్ఫ్ చట్టంలో 3వ సెక్షన్ అదే. దాని ప్రకారం వక్ఫ్ నుంచి డబ్బు రూపంలోగానీ మరో రూపంలోగానీ ప్రయోజనం పొందే హక్కున్నవాళ్లు ‘ఇంట్రెస్టెడ్’. మసీదులో, ఈద్‌గాహ్‌లో, దర్గాలో, ఖబ్రస్తాన్‌లో ఇబాదత్ చేసుకునే హక్కున్నవాళ్లూ ఇందులోకి వస్తారు. వక్ఫ్ చేసినవారి వారసులు, ముతవల్లీ కూడా వస్తారు. అంటే ఆ మసీదులో నమాజ్ చదివే హక్కున్న మామూలు మనిషి కూడా అర్జీదారే. ‘ఆసక్తి’ అన్న ఒక్క మాట ఈ సంగతినంతా కప్పేసింది.

చట్టానికి తర్వాత సవరణలు వచ్చాయి కనుక అర్జీ రాసేముందు ఇప్పటి పాఠం చూసుకోండి. నరసరావుపేటలో వకీల్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘దీని అర్థమేంటి’ అని ఊరికే అడగకండి. ‘ఇక్కడ ఇంట్రెస్ట్ అంటే దిల్‌చస్పీయా, హక్కా? చట్టంలో ఎక్కడ రాసుంది?’ అని అడగండి. జవాబు సాఫ్‌గా వస్తుంది.