మామకి ఏ సీసా కొనాలి?

మార్కాపురం, కంభం, గిద్దలూరు.. మా వైపు ఊళ్ళల్లో హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే మేనల్లుడు పండక్కి వస్తున్నాడంటే మామ పైకి అడిగేది ఒకటి, మనసులో అడిగేది ఇంకొకటి. ఆ రెండోది సీసా. విదేశాల నుంచి వచ్చేవాడైతే ఇక చెప్పక్కర్లేదు, అత్త చాక్లెట్ల కోసం చూస్తే మామ అట్టపెట్టె కోసం చూస్తాడు. కొనే కుర్రాళ్ళు మాత్రం రెండే చూస్తారు: పెట్టె మీద ఏళ్ళ అంకె, బిల్లు మీద డబ్బుల అంకె. 12 కంటే 18 గొప్ప, ఐదు వేల కంటే పది వేలు గొప్ప. నా మటుకు నాకు ఈ రెండు అంకెలూ అసలు విషయం చెప్పవనే అనిపిస్తుంది. అసలు విషయం అంటే, మామ దాన్ని మూత తీసి తాగుతాడా, లేక బీరువాలో పెట్టి వచ్చినవాళ్ళకి చూపిస్తాడా అన్నది.

ముందు ఏళ్ళ సంగతి. సీసా మీద 12 అని ఉంటే లోపల ఉన్నదంతా పన్నెండేళ్ళ సరుకు అనుకుంటారు చాలామంది. కొందరు సగటు అనుకుంటారు. రెండూ కాదు. స్కాచి విస్కీ నియమాల ప్రకారం ఆ అంకె సీసాలో కలిపిన వాటిల్లో అన్నింటికంటే చిన్నదాని వయసు. మన భాషలో చెప్పాలంటే ఇంతే:

```
label_age = min(12, 15, 21)   # 12
```

అంటే 12 అని రాసిన దాంట్లో ఇరవై ఒక్కేళ్ళది కూడా ఉండొచ్చు. ఒక చెంచాడు ఎనిమిదేళ్ళది కలిపినా మాత్రం 12 అని రాయకూడదు. అసలు వయసే రాయకపోతే చట్టం మనకిచ్చే హామీ ఒక్కటే: స్కాచి అనిపించుకోవాలంటే ఓకు చెక్క పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి. వయసు రాయలేదు కాబట్టి పచ్చి సరుకు అని మాత్రం కాదు, వాళ్ళు చెప్పదలుచుకోలేదు అంతే.

మామలందరికీ తెలిసిన జానీ వాకర్‌నే తీసుకోండి. రెడ్ లేబుల్ మీద వయసు లేదు. బ్లాక్ లేబుల్ మీద 12 ఉంది. డబుల్ బ్లాక్ బ్లాక్ కంటే ఖరీదు, దాని మీద వయసు లేదు. గోల్డ్ లేబుల్ రిజర్వ్ ఇంకా ఖరీదు, దాని మీదా లేదు. గ్రీన్ మీద 15 ఉంది. వీటన్నిటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి కొనే బ్లూ లేబుల్ మీద మళ్ళీ అంకె లేదు! ఒక్క కంపెనీ వరసలోనే ధరకీ వయసుకీ సాపత్యం లేనప్పుడు, రెండు వేరు వేరు కంపెనీల సీసాలు పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చడంలో అర్థం ఏముంది?

పైగా సీసా మీద కనపడే ప్రతి అంకే వయసు కాదు. వ్యాట్ 69లో 69 అనేది తొట్టి నంబరు. జాక్ డేనియల్స్ మీద ఉండే 7 కూడా ఏళ్ళు కాదు. రంగు చూసి వయసు కట్టేవాళ్ళూ ఉన్నారు, డికాక్షన్ లాగా నల్లగా ఉంటే పాతది అని. స్కాచిలో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది, కాబట్టి అదీ నమ్మకం లేదు.

ఇంకో మాట. విస్కీకి వయసు పెరిగేది పీపాలోనే. సీసాలోకి దిగాక అక్కడితో ఆగిపోతుంది. "నీ పెళ్ళప్పటి సీసారా, ఇరవై ఏళ్ళది" అని మామ చూపిస్తే, 12 అని రాసి ఉన్నది ఇప్పటికీ 12 ఏళ్ళదే. గిద్దలూరు ఎండలో అటక మీద పెట్టి ఉంటే బాగుపడదు సరికదా, బిరడా ఎండి లోపలిది ఆవిరై మెడ కిందకి దిగిపోయి ఉంటుంది. వైన్ లాగా పడుకోబెట్టినా కష్టమే, ఘాటైన సరుకు బిరడాని తినేస్తుంది. నిలబెట్టి, చీకట్లో, చల్లటి చోట పెట్టాలి. మూత తీసి సగం అయ్యాక ఏడాదుల తరబడి ఉంచితే లోపలి గాలికి రుచి కూడా పడిపోతుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి మన దేశపు మాల్టుల గురించి చెప్పాలి. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని వాళ్ళు దేవతల వాటా అంటారు. స్కాట్లాండ్ చలిలో అది ఏడాదికి సుమారు 2 శాతం. బెంగుళూరులో 10 శాతం పైమాటే. ఇప్పుడు 200 లీటర్ల పీపా ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ పెట్టి పన్నెండేళ్ళు ఆగండి. అక్కడ సుమారు 157 లీటర్లు మిగులుతుంది. ఇక్కడ 10 శాతం లెక్కన చూసినా 56 మిగులుతుంది. మిగతాదంతా దేవతలు తాగేశారు :) వేడికి చెక్క సారం కూడా తొందరగా దిగుతుంది కాబట్టి ఇక్కడ నాలుగైదేళ్ళకే పక్వానికి వస్తుంది, ఇంకా ఉంచితే చెక్క రుచి మింగేస్తుంది. అందుకే బెంగుళూరు అమృత్ వాళ్ళు ఎక్కువ సీసాల మీద వయసు రాయరు. 2013లో ఎనిమిదేళ్ళది ఒకటి తీసినప్పుడు దాని పేరే అత్యాశ దేవతలు అనే అర్థం వచ్చేట్టు గ్రీడీ ఏంజెల్స్ అని పెట్టారు. అదే కంపెనీ ఫ్యూజన్‌కి జిమ్ ముర్రే 2010 విస్కీ బైబిల్‌లో 97 మార్కులు వేసి ప్రపంచంలో మూడోదన్నాడు. దాని మీదా వయసు లేదు. కానీ ఈ కథంతా సీసాతో పాటు మామకి చెప్పకపోతే "బెంగుళూరుదా.. దీనికి ఇన్ని డబ్బులు పోశావా" అంటాడు. చెప్పే ఓపిక ఉంటేనే కొనండి.

ఇక ధర. విదేశీ సీసాకి మనం ఇచ్చే డబ్బుల్లో చాలా భాగం గ్లాసులోకి రాదు. స్కాచి మీద దిగుమతి సుంకం ఏళ్ళ తరబడి 150 శాతం. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం అయిన ఒప్పందంలో దాన్ని ముందు 75కి, పదేళ్ళలో 40కి తగ్గించాలని ఉంది. దాని మీద రాష్ట్రం పన్ను వేరే. కాబట్టి ఇక్కడ కొన్న ఐదు వేల సీసా, విమానాశ్రయంలో కొన్న ఐదు వేల సీసా ఒకటి కాదు. పరిమాణం కూడా చూడాలి. డ్యూటీఫ్రీలో ఎక్కువగా లీటరు సీసాలు, మన షాపుల్లో 750 మిల్లీలీటర్లు. ఉదాహరణకి అక్కడ లీటరు ఆరు వేలు, ఇక్కడ 750 ఐదు వేలు అనుకుంటే, ఖరీదు ఎక్కువ అనిపించే మొదటిదే మిల్లీలీటరుకి ఆరు రూపాయలు పడుతుంది, రెండోది ఆరున్నర దాటుతుంది. దేశంలోకి వచ్చేటప్పుడు మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లే, అంటే ఇలాంటివి రెండు. బిల్లు పారేయకుండా సీసాతోనే ఉంచండి.

హైదరాబాదులో కొని కారులో వేసుకుని దోర్నాల మీదుగానో సాగర్ మీదుగానో రావడం నాకు నచ్చదు. పక్క రాష్ట్రపు సీసాల గొడవ 2020లో హైకోర్టు దాకా వెళ్ళింది. అప్పుడంటే ఆంధ్రాలో ప్రభుత్వ షాపులే ఉండేవి, తెలిసిన బ్రాండ్లు దొరికేవి కాదు. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి. కొన్ని వందలు మిగుల్చుకోవడానికి కానుకని చెక్‌పోస్టు దాటించడం ఎందుకు?

అసలైనది రుచి. ఇక్కడ మా మేనమామ లెక్క చెప్తాను. రిటైరయిన బడిపంతులు, వారానికి రెండుసార్లు, సాయంత్రం రెండు పెగ్గులు. నలభై ఏళ్ళుగా మన దేశపు విస్కీలే అలవాటు. ఇవి ఎక్కువగా మొలాసిస్ స్పిరిట్‌లో కొంచెం మాల్టు కలిపినవి, మెత్తగా, కాస్త తియ్యగా ఉంటాయి. అరవై మిల్లీలీటర్లకి సమానంగా నీళ్ళు, పక్కన మిరపకాయ బజ్జీయో వేటమాంసం వేపుడో. ఇక్కడ షాపుల్లోది 42.8 శాతం కాబట్టి సమానంగా నీళ్ళు పోస్తే గ్లాసులో 21.4కి వస్తుంది. ఆ పలచదనంలో, ఆ కారంలో గ్లెన్‌లివెట్ 12, గ్లెన్‌ఫిడిక్ 12 లాంటి సున్నితమైన మాల్టుల పూలవాసన, పండ్లవాసన నాలిక దాకా రాకుండానే పోతాయి. అలాగని ఘాటుగా ఉండాలని లాఫ్రోయిగ్ 10 ఇచ్చారో, అందులో ఉండే బొగ్గు నేల పొగకి "ఆసుపత్రి వాసన వస్తందేందిరా, కల్తీదా?" అంటాడు. అది కల్తీ కాదు, దాని గొప్పే అది. కానీ మామకి అరవై దాటాక కొత్త నాలిక రాదు కదా.

అందుకని ఆయనకి నేనైతే బ్లాక్ లేబులే అంటాను. కొంచెం పొగ, కొంచెం ఎండుద్రాక్ష తీపి, నీళ్ళు పోసినా వేపుడు పక్కన పెట్టినా నిలబడుతుంది. ఆయన తియ్యదనం ఇష్టపడే మనిషి, పొగ అసలు పడదు అంటే షివాస్ 12. బ్లూ లేబుల్ ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. బీరువాలో అత్త పట్టుచీరల పక్కకి చేరుతుంది. మామ దాన్ని తాగడానికి భయపడతాడు, పైగా అంత ఖరీదుకి బదులు ఏం ఇవ్వాలా అని మధనపడతాడు. అంతకంటే ఆయన మూత తీసే సీసా ఇచ్చి, పన్నెండు పెగ్గులూ ఆయన ఇష్టంగా తాగడం నయం. దానికి తోడు ఒక మంచి నీళ్ళ క్యాను పెట్టండి, నవ్వకండి. మా వైపు బోరునీళ్ళు ఎంత చప్పగా, ఉప్పగా ఉంటాయో తెలిసిందే. గ్లాసులో సగం నీళ్ళే అయినప్పుడు సగం రుచి వాటిదే.

చివరగా ఒక్కటి. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1992లో. 1995లో మద్యనిషేధం దాకా వెళ్ళిన ఉద్యమం అది. మా అత్తల తరానికి అది చరిత్ర పాఠం కాదు, వాళ్ళ ఇళ్ళలో జరిగిన సంగతి. సీసా మామకి ఇస్తున్నా నిర్ణయం అత్తది కూడా అని నా నమ్మకం. రెండు పెగ్గుల దగ్గర ఆగని మనిషికి, డాక్టరు వద్దన్న మనిషికి, లేదా అత్త మొహం ముడుచుకునే ఇంటికి పన్నెండేళ్ళదైనా పాతికేళ్ళదైనా సీసా కానుక కాదు. ముందు అత్తకి ఫోన్ చేసి అడగండి. ఆవిడ సరే అంటే, మామ ఎన్ని నీళ్ళు పోసుకుంటాడో, పక్కన ఏం నంచుకుంటాడో కూడా ఆవిడే చెప్తుంది. షాపువాడికంటే ఆవిడకే బాగా తెలుసు.