పేజీ మనదే, కానీ ఏం చూపించి మనదంటాం?

మా యూత్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఈ మధ్య పదకొండు రోజులు మా చేతిలో లేదు. ఆ రోజుల్లో దాంట్లో ఒక క్యూఆర్ కోడ్ కనిపించింది. జ్వరాలు వచ్చిన గూడేలకు మందుల కోసమని రాసి ఉంది. మనమే పెట్టినమనుకొని ఇద్దరు తమ్ముళ్లు డబ్బులు కొట్టిండ్రు. అందుకే సిగ్గుపడకుండా మొత్తం చెప్తున్న.

పేజీ చూసుకునే చెల్లెకు ఆదివారం రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. పంపింది తెలిసిన అమ్మాయి అకౌంటే, కాకపోతే అది అప్పటికే దొంగ చేతిలో ఉంది. "పోటీలో ఉన్నా, ఓటు వెయ్యి అక్కా. నీకో ఎస్సెమ్మెస్ వస్తది, స్క్రీన్‌షాట్ పంపు" అన్నది. వచ్చిన ఎస్సెమ్మెస్‌లో ఉన్నది ఓటు లింకు కాదు, మన పేజీలోకి లాగిన్ అయ్యే లింకు. స్క్రీన్‌షాట్ చూసి దాన్ని టైప్ చేసుకుంటే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. కొద్ది నిమిషాల్లోనే ఈమెయిల్ మార్చిండు, ఫోన్ నంబర్ మార్చిండు, రెండంచెల లాగిన్ తన ఫోన్‌కు పెట్టుకున్నడు.

పొద్దున మాకు తెలిసింది ఎట్లంటే, "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కితే కోడ్ పంపుతమని చూపించిన ఈమెయిల్ మొదటి అక్షరమే మనది కాదు. అట్ల కనిపించినంక పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి కొట్టడం దండగ. పైగా ఎక్కువసార్లు తప్పు కొడితే కొంతసేపు అసలు రానియ్యదు.

చెల్లెను చాలామంది తిట్టిండ్రు. నేను ఒప్పుకోను. ఆమె ఒక్క స్క్రీన్‌షాట్ పంపింది, అంతే. పదకొండు రోజులు పట్టడానికి కారణం మేం పేజీ పెట్టిన పద్ధతి.

ఎందుకంటే ఈమెయిల్ మారిన వెంటనే పాత ఈమెయిల్‌కు ఇన్‌స్టాగ్రామ్ ఒక మెయిల్ పంపుతది. అది వచ్చే అడ్రస్ security@mail.instagram.com. మార్చింది నువ్వు కాకపోతే ఆ మార్పు వెనక్కి తీసుకోమని అందులోనే లింకు ఉంటది. త్వరగా చూస్తే దాంతోనే పని అయిపోవచ్చు. మరి మా పాత ఈమెయిల్ ఎవరిది? నాలుగేండ్ల కింద డిగ్రీ చదివేటప్పుడు మా సీనియర్ అన్న పెట్టిన జీమెయిల్. పాస్‌వర్డ్ ఆయనకే గుర్తు లేదు. దానికి ఇచ్చిన సిమ్ రీఛార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. అట్ల ఆగిన నంబర్‌ను కొన్నాళ్లకు కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేస్తది కాబట్టి, మన పేజీ కోడ్‌లు ఎవరికో పోయే ప్రమాదం కూడా ఉండె.

అదృష్టం ఏందంటే, అన్న పాత ఫోన్ ఊర్లో వాళ్ల అమ్మ దగ్గర అద్దం పగిలి పడి ఉంది. ఛార్జింగ్ పెడితే జీమెయిల్ ఇంకా తెరుచుకొనే ఉంది. మెయిల్ దొరికింది, లింకు నొక్కినం, ఈమెయిల్ వెనక్కి వచ్చింది. కానీ లోపలికి పోబోతే ఆరంకెల కోడ్ అడిగింది. ఆ కోడ్ వచ్చేది దొంగ ఫోన్‌కు.

(మీకు ఆ మెయిల్ కనబడకపోతే స్పామ్, ట్రాష్ కూడా చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా చూడండి. దొంగ మెయిల్‌లోకి కూడా దూరి ఉంటే, ఇట్లాంటి మెయిల్స్ నేరుగా ట్రాష్‌లోకి పోయేటట్టు పెట్టొచ్చు. అప్పుడు మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలె, తర్వాతే పేజీ సంగతి.)

ఇక మిగిలింది instagram.com/hacked దారి. అకౌంట్ నాదే అని రుజువు చేసుకోవడం ఇక్కడ మొదలైతది. పేజీలో నీ ముఖం ఫొటోలు ఉంటే వీడియో సెల్ఫీ అడుగుతరు, తల అటూ ఇటూ తిప్పి చూపించాలె, ఫొటోలతో పోల్చి చూస్తరు. మా పేజీలో ఉన్నది డోలు బొమ్మ, సభల ఫొటోలు, దండారి వీడియోలు. ఏ ముఖంతో పోలుస్తరు? ముఖం లేని అకౌంట్లకు అడిగేది వేరే. అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన ఈమెయిల్ లేదా ఫోన్ నంబర్ ఏది, ఏ రకం ఫోన్‌లో తెరిచినవ్, ఈ రెండూ చెప్పాలె.

మేం మొదటిసారి ఇక్కడే తప్పు చేసినం. ఇప్పుడు పోస్టులు పెట్టే తమ్ముని దగ్గర ఐఫోన్ ఉంది కదా అని ఐఫోన్ అని రాసినం. కుదరలేదు. వాళ్లు అడిగింది ఇప్పుడు వాడే ఫోన్ కాదు, మొదటిరోజు తెరిచిన ఫోన్. అది అన్న పగిలిన ఆండ్రాయిడ్. రెండోసారి ఆ పాత జీమెయిల్, ఆండ్రాయిడ్ అని రాసినం. దొంగ చెయ్యి పడని కొత్త మెయిల్ ఒకటి జవాబు కోసం ఇచ్చినం. ఎప్పుడూ పేజీ తెరిచే ఫోన్ నుంచే పంపినం. కొన్ని రోజులకు లింకు వచ్చింది.

లోపలికి పోయినంక పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతది. దొంగ పెట్టిన రెండంచెల లాగిన్ తీసేసి మనది పెట్టాలె. అతని ఈమెయిల్, నంబర్ ఏమన్న మిగిలినయా చూసి తీసెయ్యాలె. లాగిన్ అయి ఉన్న ఫోన్ల లిస్టు తెరిచి తెలియనివన్నీ బయటికి పంపాలె. అకౌంట్స్ సెంటర్‌లో అతని అకౌంట్ ఏదైనా మనదానికి జోడించి ఉందేమో కూడా చూడాలె. మాకు అక్కడ ఒకటి దొరికింది.

ఈలోపు "మా అన్న హ్యాకర్, రెండు వేలకు తెచ్చిస్తడు" అని ఎంతమంది మెసేజ్ చేసిండ్రో. వాళ్లు రెండో దొంగలు. డబ్బులు పోయిన తమ్ముళ్లతో 1930కి ఫోన్ చేయించినం, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించినం. ఇంకొకరి గుర్తింపును వాడుకోవడం ఐటీ చట్టం 66సి కింద నేరం. కానీ ఒకటి తెలుసుకోండి, పోలీస్ ఫిర్యాదుతో పేజీ తిరిగి రాదు. అది కేసుకు, డబ్బుకు మాత్రమే.

ఈ పదకొండు రోజులు నాకు పోడు పట్టాల దరఖాస్తే గుర్తుకొచ్చింది. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం సాక్ష్యాల గురించి చెప్తది. అందులో ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యమే. మన పేజీకి అట్లాంటి నియమం లేదు. పది గూడేలు వచ్చి "ఈ పేజీ మాదే" అని నిలబడ్డా అక్కడ లెక్కకు రాదు. ఎవరు ఎవరి మనిషో తెలియని కంపెనీకి దొంగ కూడా పదిమందిని తేగలడు కదా, కాబట్టి వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. కానీ మనం సంఘంగా నడిపే పేజీని వాళ్లు ఒక మనిషి, ఒక ఫోన్, ఒక మెయిల్‌గానే చూస్తరు. కాబట్టి ఆ మెయిల్ ఏ ఒక్క అన్నదో కాకుండా సంఘానిదే కావాలె అంటున్న. కొందరు "పాస్‌వర్డ్ అందరికీ తెలిస్తే ప్రమాదం కదా" అంటరు. నిజమే, అందరికీ కాదు. ఇద్దరికి చాలు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లోవాళ్లు కావద్దు.

ఇప్పుడు మా దగ్గర సంఘం పేరు మీద ఒక మెయిల్ ఉంది. రీఛార్జి ఆగకుండా చూసే బాధ్యత ఒకరికి ఇచ్చిన సిమ్ ఉంది. రెండంచెల లాగిన్ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి కవర్‌లో అంటించినం. ఇంకో కాగితం మీద పేజీ ఎప్పుడు తెరిచినం, ఏ మెయిల్, ఏ నంబర్, ఏ ఫోన్ అని రాసినం. ఆ రెండూ గ్రామసభ తీర్మానాల ఫైల్లో, పోడు దరఖాస్తుల జిరాక్సుల పక్కనే పెట్టినం. అన్న పాత ఫోన్‌ను కూడా పారెయ్యొద్దని వాళ్ల అమ్మకు చెప్పి వచ్చినం. "ఇదేం చేస్తరు రా, అద్దం కూడా లేదు" అని నవ్వింది.

తమ్ముళ్ల డబ్బులు మాత్రం ఇంకా రాలేదు.