డబ్బు అందింది, మాట అందలేదు



మన కోనసీమ సహోదరి ఒకామె రెండేళ్ల ఒప్పందం మీద కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. మొదట్లో రోజూ ఫోన్. తర్వాత "డబ్బు పంపాను", "అందింది", అంతే. ఆమె పని ముగిసేసరికి అక్కడ రాత్రి 10, ఇక్కడ 12:30. భర్త నిద్రలో ఉంటాడు. ఆమె మారిపోయిందని అతను, తన జీతమే కావాలని ఆమె అనుకున్నారు.

దూరంకన్నా ఈ లెక్కల మాటలే వాళ్లను విడదీశాయని నా అభిప్రాయం. ఇప్పుడు ఆమెకు తీరికుండే శుక్రవారం పిల్లల సంగతులే మాట్లాడుకుంటున్నారు. అప్పుల లెక్క వేరే రోజుకు.

ఎడబాటుకు ఇద్దరి సమ్మతీ, గడువూ ఉండాలని 1 కొరింథీ 7:5లో పౌలు నేర్పాడు. కాబట్టి ఒప్పందం పొడిగించేముందు, తిరిగొచ్చే నెల ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.