అడ్వాన్సులో కోత సరే, గోడ వయసెంత?

ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనర్‌కీ, అద్దెకున్నవాళ్లకీ మధ్య వచ్చే గొడవలో డబ్బు కన్నా ముందు తెగాల్సిన ప్రశ్న ఒకటుంది. గోడ పాడైందా, పాతబడిందా? ఈ రెండూ ఒకటి కావు. పాతబడితే ఖర్చు ఓనర్‌ది, పాడుచేస్తే అద్దెకున్నవాళ్లది. చాలామంది ఓనర్లు ఈ రెండింటినీ కలిపేసి "మొత్తం పెయింటింగ్‌కి ఇంతయింది, అడ్వాన్సులో పట్టేసుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది లెక్క కాదు, మాట మాత్రమే అని నా అభిప్రాయం. వస్తువు వయసు కనబడని కోతని లెక్క అని ఒప్పుకోకూడదు.

మా పాచిపెంట లాంటి చోట దీన్ని చెప్పడానికి ఒక కారణం ఉంది. మండల కేంద్రం కాబట్టి బదిలీ మీద వచ్చే టీచర్లు, ఉద్యోగులు అద్దెకి దిగుతుంటారు. రెండు మూడేళ్లుండి వెళ్లిపోతారు. ఇచ్చేవాళ్లు కూడా పెద్ద ఆస్తిపరులేం కాదు. ఉన్న ఇంట్లోనే ఒక పోర్షన్ విడదీసి అద్దెకిస్తారు. కాగితం రాసుకోవడం అరుదు, అంతా నోటిమాటే. పైగా ఇది కొండల కింద ఊరు. వానాకాలం గోడలు చెమ్మ పట్టేస్తాయి, చలికాలం మంచు. ఒడిశా వెళ్లే ఘాట్ రోడ్డు లారీల దుమ్ము సరేసరి. మనిషి ఏం చెయ్యకపోయినా ఇక్కడ గోడ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్నదే అసలు విషయం.

చట్టం ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబిచ్చింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు, అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. కానీ సహజమైన అరుగుదల వల్ల, మనిషి ఆపలేని శక్తుల వల్ల వచ్చిన మార్పులకి మినహాయింపు ఉంది. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త విడమరిచింది. వేరేగా రాసుకోకపోతే గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగు, పైపులు మార్చడం ఓనర్ పని. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గడియలు, కిటికీ అద్దాలు, వాష్‌బేసిన్ రిపేర్లు అద్దెకున్నవాళ్ల పని. ఇది రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా మాత్రమే, దానంతటదే అమలైపోదు. అయినా ఏది ఎవరి వంతో చూసుకోడానికి మంచి కొలబద్ద.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించుకున్న కేసే, అంకెలు కూడా నేను పెట్టుకున్నవే. రెండు గదులు, వంటగది ఉన్న పోర్షన్. అద్దె 4,000, అడ్వాన్స్ 8,000. ఒక టీచర్ గారు దిగే ముందే డిస్టెంపర్ వేయించారు. ఆవిడ సరిగ్గా మూడేళ్లుండి ఖాళీ చేశారు. ఓనర్ గారు చూసుకుంటే గోడలన్నీ వెలిసిపోయి ఉన్నాయి. రెండు గోడలకి కింద చెమ్మ మరకలు. ముందు గది గోడకి అలమర బిగించి తీసేసిన పెద్ద డ్రిల్ కన్నాలు, ఊడొచ్చిన ప్లాస్టరింగ్. వాష్‌బేసిన్‌కి పగులు. ఆయన వేసిన లెక్క ఇది: తొమ్మిది గోడలకి రంగు 7,200, కన్నాలు పూడ్చడానికి 600, కొత్త బేసిన్ బిగింపుతో కలిపి 1,800. మొత్తం 9,600. "అడ్వాన్స్ పోను మీరే ఇంకా 1,600 ఇవ్వాలమ్మా" అన్నారు.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ ఖర్చులన్నీ నిజంగానే అవుతాయి. తేడా ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వెలిసిపోయిన గోడలు. ఆ ఇంటికి ఆయన మామూలుగా నాలుగేళ్లకోసారి రంగు వేయిస్తారనుకుందాం. అంటే డిస్టెంపర్ ఆయుష్షు నాలుగేళ్లు. మూడేళ్లలో ముప్పాతిక వంతు ఎలాగూ అయిపోయింది. ఆ మూడేళ్లూ ఆవిడ నెలనెలా అద్దె కట్టారు. గోడ అరిగినందుకు ఇచ్చే డబ్బు ఆ అద్దెలోనే ఉంది. మళ్లీ అడ్వాన్సులోంచి పట్టుకుంటే ఒకే అరుగుదలకి రెండుసార్లు వసూలు చేసినట్టు. కాబట్టి ఆరు గోడలకి కోత సున్నా. క్యాలెండర్ తగిలించిన చిన్న మేకు గుర్తులు, మంచం ఆనిన గీతలు కూడా ఇందులోకే వస్తాయి. మనుషులు కాపురం ఉంటే అవి పడతాయి.

తర్వాత చెమ్మ. మా వైపు ఎక్కువ తగువులొచ్చేది ఇక్కడే. "మీరు కిటికీలు తియ్యలేదు, గదిలో బట్టలారేశారు, అందుకే" అని ఓనర్ అంటారు. అది నిజమో కాదో గోడే చెప్తుంది. నేల నుంచి పైకి పాకి, మీటరు ఎత్తు లోపు అడ్డంగా ఒక పట్టీలా ఆగి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది భూమిలోంచి వచ్చే చెమ్మ. పునాది మట్టం దగ్గర చెమ్మని ఆపే పొర (మన సివిల్ వాళ్లు డీపీసీ అంటారు) వెయ్యలేదనో, పాడైందనో అర్థం. పైనుంచి గోధుమరంగు వలయాలుగా దిగితే శ్లాబు కారుతున్నట్టు. ఈ రెండూ ఓనర్ ఖర్చే. అలా కాకుండా బయటి గోడ మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజు చుక్కలుంటే, గదిలోని తేమే చల్లని గోడ మీద నీరుగా మారి ఉండొచ్చు.

అనుమానం తీరాలంటే చవకైన పరీక్ష ఒకటుంది. పాలిథీన్ షీటు ముక్కని గోడకి నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి ఒకట్రెండు రోజులు వదిలెయ్యాలి. నీటి చుక్కలు గోడ వైపు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలోది. గాలిలో తేమ అని తేలినంత మాత్రాన తప్పు అద్దెకున్నవాళ్లదే అనీ చెప్పలేం. వంటగదికి గాలి పోయే దారే పెట్టకుండా కట్టి, ఆవిరి పోలేదని వాళ్లని అంటే ఎలా? మన కేసులో మరకలు కింద పట్టీలాగే ఉన్నాయి, ఉప్పు రాలుతోంది. ఆ రెండు గోడలకీ కోత సున్నా.

ఇక అలమర గోడ. ఇది అరుగుదల కాదు, పాడుచెయ్యడమే. అలమర తీసుకుపోవడం ఆవిడ హక్కు. తీశాక గోడని మునుపటిలా చెయ్యడం ఆవిడ బాధ్యత. కన్నాలు పూడ్చి పుట్టీ పెట్టే 600 మొత్తం ఆవిడదే. ప్లాస్టరింగ్ నాలుగేళ్లకి అయిపోయేది కాదు కాబట్టి దానికి తరుగుదల తియ్యక్కర్లేదు. కానీ ఆ గోడకి రంగు ఖర్చు 800లో ఆవిడ వంతు పావు మాత్రమే, 200. రంగుకి మిగిలున్నది ఒక్క ఏడాది ఆయుష్షే కదా. "ఆవిడ వల్ల నేను ఏడాది ముందే రంగు వేయించాల్సొచ్చింది" అని ఓనర్ అనొచ్చు. సరిగ్గా ఆ ఏడాదికి పరిహారమే ఈ 200.

బేసిన్ కూడా అంతే. ఆవిడ దిగేటప్పటికే రెండేళ్ల పాతది, ఇప్పటికి ఐదేళ్లు. పదేళ్లు పనిచేస్తుందనుకుంటే సగం మిగిలుంది. 1,800లో సగం 900 ఆవిడ ఇవ్వాలి. పూర్తి 1,800 తీసుకుంటే ఐదేళ్ల పాత బేసిన్ పోయి, ఓనర్‌కి కొత్త బేసిన్ ఉచితంగా వచ్చినట్టు.

మొత్తం కోత 600, 200, 900 కలిపి 1,700. తిరిగివ్వాల్సింది 6,300. ఆవిడే 1,600 బాకీ అన్న చోట నుంచి ఎక్కడికొచ్చామో చూడండి. నా దృష్టిలో ఆ ఓనర్ రాయాల్సిన చీటీ ఇలా ఉండాలి:

"టీచర్ గారికి, నమస్కారం. మీ అడ్వాన్స్ 8,000. ముందు గది గోడ కన్నాలు పూడ్చినందుకు 600. ఆ గోడ రంగు 800, నాలుగేళ్లలో మూడేళ్లు వాడకం అయింది కాబట్టి మీ వంతు 200. బేసిన్ 1,800, ఐదేళ్ల పాతది కాబట్టి మీ వంతు 900. మిగతా గోడలు, చెమ్మ మరకలు నా ఖర్చు. కరెంటు బిల్లు, అద్దె బాకీ లేవు. 6,300 పంపుతున్నాను. బిల్లులు, ఫోటోలు జతచేశాను. ఏదైనా తేడా అనిపిస్తే చెప్పండమ్మా."

ఇది చదివిన మనిషికి 1,700 పోయినందుకు బాధ ఉండొచ్చు గానీ, మోసపోయానన్న బాధ ఉండదు.

ఓనర్ల వైపు కూడా ఒక న్యాయం ఉంది. చివరి రెండు నెలలూ అద్దె ఎగ్గొట్టి "అడ్వాన్సులో పట్టేసుకోండి" అనేవాళ్లు చాలామంది. అలా చేస్తే పగిలిన బేసిన్‌కి పట్టుకోడానికి చేతిలో ఏమీ మిగలదు. అందరి మీదా అనుమానం మొదలయ్యేది అక్కడే. అద్దె బాకీ, కరెంటు బిల్లు లాంటివి అప్పు కిందే లెక్క. వాటికి తరుగుదల ఉండదు, పూర్తిగా పట్టుకోవచ్చు. అలాగే ఏ రంగు ఎన్నేళ్లుండాలి అన్నదానికి ఒకే అంకె లేదు. తడిసే గోడకి ఒకటి, ఎండ గోడకి ఇంకొకటి. అందుకే ఆ అంకె దిగేటప్పుడే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు కాదు.

దీనికి లాయరేం అక్కర్లేదు. దిగే రోజున ఇద్దరూ కలిసి గదిగదీ తిరిగి గోడలు, బేసిన్, స్విచ్ బోర్డులు, కిటికీ అద్దాలు ఫోటోలు తియ్యాలి. రంగు ఎప్పుడు వేశారో, బేసిన్ ఎప్పటిదో రెండు లైన్లు రాసి ఇద్దరి వాట్సాప్‌లోనూ ఉంచుకోవాలి. ఆ రెండు లైన్లు లేకపోతే పైన వేసిన లెక్కకి మొదటి అంకే దొరకదు.

రేపు ఉద్యోగాలకి వెళ్లే మనందరికీ ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు "పెయింటింగ్ చార్జీలు ఒక నెల అద్దె" అని అగ్రిమెంట్లోనే రాసేస్తుంటారు. ఏడాది ఉన్నా ఐదేళ్లున్నా అదే కోత. అది నష్టానికి పరిహారం కాదు, ముందే ఒప్పుకున్న ఫీజు. సంతకం పెట్టాక వాదించడం కష్టం కాబట్టి పెట్టకముందే ఆ లైను చూసుకుని బేరమాడాలి. ఫీజు అయితే ఫీజు అని చెప్పి తీసుకోవాలి. డ్యామేజ్ అని పట్టుకుంటే మాత్రం ఏది పాడైందో, దాని వయసెంతో చూపించాలి.