గుడ్డులో రక్తపు చుక్క కనిపిస్తే పారేయాలా?

బ్యాచిలర్ రూముల్లో వంట రాకపోయినా వచ్చే వంట ఒక్కటే, గుడ్డు. ఆమ్లెట్ వేసుకుంటాం, పొరుటు చేసుకుంటాం, ఓపిక లేనప్పుడు ఉడకబెట్టి ఉప్పు, కారం చల్లుకుని తినేస్తాం. ఈ గుడ్డు దగ్గర మూడు సందర్భాల్లో మాత్రం అందరూ ఆగిపోతారు. పగలగొట్టగానే పచ్చసొన మీద ఎర్రటి చుక్క కనిపించినప్పుడు, ఉడికించిన గుడ్డు కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రింగు ఉన్నప్పుడు, పెనం మీద వేయగానే తెల్లసొన నీళ్లలా పారిపోయినప్పుడు. వెంటనే ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడతాం. "తినొచ్చా?" అని అడిగితే సగం మంది తినమంటారు, సగం మంది పారేయమంటారు.

ఈ మూడింటిలో ఏదీ దానంతట అది ప్రమాదం కాదు. కానీ మూడింటికీ పక్కనే, చూడటానికి కాస్త అలాగే ఉండి నిజంగా పారేయాల్సిన గుడ్డు ఒకటి ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడమే అసలు పని.

ముందు ఎర్ర చుక్క సంగతి. చాలామంది దాన్ని పిల్ల మొదలైన గుర్తు అనుకుంటారు. కాదు. కోడి కడుపులో పచ్చసొన ఒక పల్చటి సంచిలో పెరుగుతుంది. ఆ సంచి నిండా సన్నటి రక్తనాళాలు ఉంటాయి. సొన పూర్తిగా తయారయ్యాక, నాళాలు దాదాపు లేని ఒక గీత వెంట సంచి చీలి, సొన బయటికి రావాలి. ఒక్కోసారి ఆ చీలిక కాస్త పక్కకి పోతుంది. పక్కన ఉన్న చిన్న నాళం తెగి ఒక చుక్క రక్తం సొన మీద పడుతుంది. దాని మీద తెల్లసొన, ఆ పైన పెంకు చేరి, ఒక రోజు తిరిగేసరికి గుడ్డు బయటికొస్తుంది, చుక్క లోపలే ఉండిపోతుంది. గోధుమ రంగులో చిన్న తునకలా కనిపించేది కూడా ఇలాంటిదే, పాతబడిన రక్తమో, కోడి లోపలి పొర నుంచి ఊడిన ముక్కో.

మనం కిరాణా కొట్లో కొనే ఫారం గుడ్డులో పిల్ల మొదలయ్యే అవకాశమే లేదు. గుడ్ల ఫారాల్లో పుంజులు ఉండవు, పెట్టలే ఉంటాయి. కాబట్టి ఫారం గుడ్డులో చుక్క కనిపిస్తే కత్తి మొనతో తీసేసి వండుకోవచ్చు. తీయకుండా వండినా నష్టం లేదు. ఇంకో విషయం, గుడ్డు పాతబడే కొద్దీ తెల్లసొనలోని నీరు పచ్చసొనలోకి చేరి ఆ చుక్క రంగు వెలిసిపోతుంది. అంటే ఎర్రగా, స్పష్టంగా కనిపించే చుక్క ఉందంటే అది ఎక్కువ రోజులు నిల్వ ఉన్న గుడ్డు కాదని అర్థం. మనం పాడైందనుకుని పారేసేది చాలాసార్లు తాజా గుడ్డే.

ఇక పారేయాల్సినవి రెండున్నాయి. మొదటిది, చుక్కలా కాకుండా తెల్లసొన మొత్తం ఎర్రగా కలిసిపోయి ఉన్న గుడ్డు. రెండోది నాటుకోడి గుడ్డుకి సంబంధించింది. ఊళ్లో పెట్టలతో పాటు పుంజు కూడా తిరుగుతుంది కాబట్టి ఆ గుడ్లలో పిల్ల అయ్యే శక్తి ఉంటుంది. అది పెరగాలంటే వేడి కావాలి. పొదిగే కోడి కింద సుమారు 37.5 డిగ్రీల వేడి ఉంటుంది. అంత లేకపోయినా, 21 డిగ్రీలు దాటితే పెరుగుదల కొద్దికొద్దిగా మొదలవ్వొచ్చు. మే నెలలో మన వంటగది అలమర ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలా కొన్ని రోజులుంటే పచ్చసొన మీద ఒంటరి చుక్క కాదు, సాలెగూడులా అల్లుకున్న ఎర్ర గీతలు గానీ, గుండ్రటి ఎర్ర గీత గానీ కనిపిస్తుంది. అది ఎదగడం మొదలై, మధ్యలో ఆగిపోయిన గుడ్డు. దాన్ని తినకండి.

పగలగొట్టకుండానే దీన్ని చూడొచ్చు, ఫోన్ చాలు. మే నెలలో ఊరి నుంచి స్టీలు డబ్బాలో ఆరు నాటు గుడ్లు తెచ్చుకున్నారనుకోండి. బస్సులో ఒక రాత్రి, వంటగదిలో నాలుగు రోజులు గడిచాయి. రాత్రి లైటు ఆపేసి, ఫోన్ టార్చ్ వేసి, గుడ్డు లావుపాటి వైపుని దాని మీద ఆనించండి. నాలుగు గుడ్లు ఏ గీతా లేకుండా ఒకే తీరుగా వెలుగుతున్నాయి, లావు వైపు గాలి ఖాళీ మాత్రం కాస్త పెద్దదిగా ఉంది. అవి కొంచెం పాతవి, బాగానే ఉన్నాయి. ఐదో దానిలో సాలెగూడు గీతలున్నాయి, పక్కన పెట్టేయండి. ఆరో దాని పెంకు మీద వెంట్రుకవాసి పగులు మెరుస్తోంది. బస్సులో పగిలి నాలుగు రోజులు వేడిలో ఉంది కాబట్టి దాన్ని కూడా పారేయాలి. మిగిలిన నాలుగింటిని ఫ్రిజ్‌లో పెట్టి, వండేటప్పుడు ఒక్కొక్కటి విడిగా చిన్న గిన్నెలో పగలగొట్టి, వాసన చూసి పెనంలో వేయండి. పెంకు గోధుమ రంగులో మందంగా ఉంటే టార్చ్‌కి లోపల అంత బాగా కనపడదు. అప్పుడు ఆ చిన్న గిన్నే దిక్కు.

ఇప్పుడు ఆకుపచ్చ రింగు. ఇది కోడి తప్పు కాదు, పొయ్యి తప్పు. తెల్లసొన ప్రోటీన్లలో గంధకం ఉంటుంది. ఎక్కువసేపు మరిగితే అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. పాత ఉడికించిన గుడ్డు వాసన అంటామే, అదే. తెల్లసొన బయటి నుంచి వేడెక్కుతుంది, లోపల పచ్చసొన కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి ఈ వాయువు లోపలికి జరుగుతుంది. పచ్చసొనలో ఇనుము ఉంటుంది. రెండూ కలిసే అంచు దగ్గర ఐరన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. ఆకుపచ్చ, బూడిద కలిసిన ఆ రంగు దానిదే. ఆ పరిమాణంలో ఒంటికి ఏమీ చేయదు, రుచి మాత్రం కాస్త గంధకం కొడుతుంది. ఉడికించిన గుడ్డునే మళ్లీ బిర్యానీలో పెట్టి దమ్ చేస్తే రింగు దట్టంగా రావడానికి కారణం ఇదే, అది రెండుసార్లు ఉడికింది.

రింగు రాకూడదంటే గుడ్లు మునిగేంత చల్లటి నీళ్లు పోసి, మరగడం మొదలవ్వగానే స్టవ్ ఆపేసి, మూతపెట్టి 10 నుంచి 12 నిమిషాలు వదిలేయండి. తర్వాత వెంటనే చల్లబరచాలి. వేసవిలో ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి కుళాయి కింద పెడితే సరిపోదు, ఐస్ ముక్కలు వేసిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. బయట చల్లబడితే వాయువు పచ్చసొన వైపు వెళ్లడం తగ్గుతుంది.

దీనికి పక్కనుండే అసలు ప్రమాదం ఉడికించిన గుడ్డులో కాదు, పచ్చి గుడ్డులో కనిపిస్తుంది. పచ్చి తెల్లసొన లేత పసుపు, ఆకుపచ్చ ఛాయలో ఉంటే కంగారు వద్దు, అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగు. కానీ తెల్లసొన మెరిసే ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, నూనె తేలినట్టు రంగురంగులుగానో ఉంటే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చేరిందన్నమాట. వాసన రాకపోయినా సరే, పారేయండి. పెంకు లోపల నల్లటి మచ్చలున్నా అంతే.

మూడోది నీళ్ల తెల్లసొన. కొత్త గుడ్డులో పచ్చసొనను పట్టుకుని ఉండే చిక్కటి భాగం, దాని చుట్టూ పల్చటి భాగం విడివిడిగా కనిపిస్తాయి. పెంకుకి వేల సంఖ్యలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. రోజులు గడిచే కొద్దీ వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాంతో తెల్లసొన పీహెచ్ 7.6 దగ్గర నుంచి 9 దాటిపోతుంది, చిక్కదనాన్ని నిలిపే ఓవోమ్యూసిన్ అనే ప్రోటీన్ వల సడలిపోతుంది. బయట వేడిగా ఉంటే ఇదంతా త్వరగా జరుగుతుంది. కోడి వయసు పెరిగినా తెల్లసొన పల్చబడుతుంది. కాబట్టి నీళ్ల తెల్లసొన చెప్పేది వయసు గురించి, విషం గురించి కాదు. అలాంటి గుడ్డుతో బుల్స్ ఐ పెనమంతా పాకి అందంగా రాదు, పొరుటుకీ, పులుసుకీ చక్కగా పనికొస్తుంది. ఉడికిస్తే పెంకు కూడా కొత్త గుడ్డు కంటే తేలిగ్గా ఊడుతుంది. అది పల్చగా ఉండి కుళ్లు వాసన వేస్తే మాత్రం ఇంకేం ఆలోచించక్కర్లేదు.

నీళ్లలో వేసి తేలుతుందో లేదో చూసే పరీక్ష కూడా వయసే చెబుతుంది. లోపలి గాలి ఖాళీ పెద్దదైతే గుడ్డు తేలుతుంది. మునిగింది కాబట్టి సురక్షితం అనుకోవడం తప్పు. ఎందుకంటే నిజంగా మనల్ని ఆసుపత్రికి పంపే సాల్మొనెల్లాకి రంగు లేదు, వాసన లేదు. అది ఎంతో తాజాగా, శుభ్రంగా కనిపించే గుడ్డులోనూ ఉండొచ్చు. టార్చ్‌కి దొరకదు, ఫోటోకి చిక్కదు. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కదా. అక్కడ సమస్య గుడ్డుకి మచ్చ ఉండటం కాదు, గుడ్డు ఉడకకపోవడం.

అందుకే ఎర్ర చుక్క చూసి గుడ్డు పారేసి, అదే పూట హాఫ్ బాయిల్ తినడంలో లెక్క తిరగబడింది. గుడ్డు వంటకం లోపల 71 డిగ్రీలకు చేరితే సాల్మొనెల్లా బతకదు. ఇంట్లో థర్మామీటర్ ఉండదు కాబట్టి, తెల్లసొనతో పాటు పచ్చసొన కూడా గట్టిపడిందో లేదో చూసుకుంటే చాలు. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. ఉడికించిన గుడ్లు రెండు గంటలకు మించి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో అయితే వారం లోపు తినేయండి. పచ్చి గుడ్డు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే ఫోటో తీయడానికి ఫోన్ పట్టుకోండి.